ఆకర్షించింది, ఆకర్షించలేదు: మూడో తరగతి అయస్కాంత పాఠం

పెద్ద పళ్లెంలో ఇనుప మేకు, గుండుసూది, ప్లాస్టిక్ తొడుగున్న పేపర్ క్లిప్పు, రాగి తీగ ముక్క, ఇత్తడి గంట, అల్యూమినియం మూత, చింతగింజ, గాజు గోళీ, స్టీలు చెంచా ఉంచాలి. పక్కన రెండు చిన్న పళ్లేలు పెట్టి, ఒకదానికి ‘ఆకర్షించింది’ అనీ, రెండోదానికి ‘ఆకర్షించలేదు’ అనీ చీటీలు అంటించాలి. పిల్లలు నలుగురేసి కూర్చుంటారు. ప్రతి గుంపుకూ ఒక దండాయస్కాంతం ఇస్తే చాలు. మింగే ప్రమాదం ఉన్నందువల్ల బొత్తాముల్లాంటి చిన్న అయస్కాంతాలను ఈ పాఠానికి అసలు వాడకూడదు.

చీటీల మీద ‘ఆకర్షిస్తుంది’ అని కాక ‘ఆకర్షించింది’ అని రాయడం కావాలని చేసిన పనే. పిల్లలు చూసింది తమ చేతిలోని అయస్కాంతం ఈ ఒక్క వస్తువు దగ్గర ఏం చేసిందన్నది మాత్రమే. ‘ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది’ అనడానికి ఇంకా చాలా వస్తువులు చూడాలి.

మొదట ఉపాధ్యాయురాలు మేకు దగ్గరికి అయస్కాంతం కొనను నెమ్మదిగా తెచ్చి, మేకు కదిలిన క్షణంలో ఆగి, “ఏం చూశారు?” అని అడగాలి. “మేకు ఇనుము కదా టీచర్, అందుకే అంటుకుంది” అని ఎవరైనా అంటే తప్పని చెప్పకుండా, “అది కారణం, నాన్నా. ముందు కంటికి కనిపించింది చెప్పు” అనాలి. “అయస్కాంతం కొనను దగ్గరికి తెచ్చినప్పుడు మేకు దానివైపు జరిగి అతుక్కుంది” అనే వాక్యం వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఆ వాక్యాన్ని నల్లబల్ల మీద రాయాలి.

పాఠంలో అసలు పని క్లిప్పు దగ్గరే ఉంది. ఎర్రటి ప్లాస్టిక్ తొడుగుతో ఉన్న ఆ క్లిప్పు అయస్కాంతానికి టక్కున అతుక్కోగానే “అయస్కాంతం ప్లాస్టిక్‌ను ఆకర్షిస్తుంది” అని రాసే పిల్లలు ఉంటారు. అప్పుడు తొడుగు తీసిన మరో క్లిప్పును, విడిగా తొడుగును ఇచ్చి, రెండింటినీ వేరువేరుగా పరీక్షించమనాలి. తొడుగు కదలదు, లోపలి ఉక్కు తీగ అతుక్కుంటుంది. “ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పును ఆకర్షించింది, తొడుగును ఒక్కదాన్నే పెడితే ఆకర్షించలేదు” అని వాక్యాన్ని పిల్లలే సరిదిద్దుకుంటారు.

రాగి, ఇత్తడి, అల్యూమినియం మెరుస్తున్నా ఆకర్షించని పళ్లెంలోకే వెళ్తాయి. కాబట్టి ‘లోహాలన్నీ అతుక్కుంటాయి’ అనే ఊహ అక్కడే సడలుతుంది.

చెంచా విషయంలో గుంపుల మధ్య తేడా వస్తే అది మంచి అవకాశం. స్టెయిన్‌లెస్ స్టీలులో అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే రకాలూ, దాదాపు అతుక్కోని రకాలూ ఉన్నాయి. అందుకే ‘స్టీలు’ అని కాక ‘మా గుంపు చెంచా’ అని రాయించాలి. అనుమానమొచ్చినప్పుడు అయస్కాంతం మధ్యభాగంతో కాక, బలం ఎక్కువగా ఉండే కొనలతో మళ్లీ పరీక్షించాలి.

ఇంటిపని: రూపాయి బిళ్లల్లో ఏవి ఏ పళ్లెంలోకి వెళ్తాయో పిల్లలు ముందుగా ఊహించి రాసుకుని రావాలి. మర్నాడు బడిలో అయస్కాంతంతో పరీక్షించి, ఊహను కొట్టివేయకుండా దాని పక్కనే చూసింది రాయాలి.