సబ్జెక్ట్: గట్టి బెంచీలు, వైట్‌బోర్డులు – ఏ బ్రాండ్ తీసుకోమంటారు?

రావు గారూ, నమస్తే అండీ.

తెనాలి నుంచి ప్రిన్సిపాల్ మేడమ్‌ని. ఈసారి 8, 9, 10 తరగతుల ఆరు గదులకూ బెంచీలు, బోర్డులు మొత్తం మార్చేద్దామని మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. ఇద్దరు కూర్చునే డ్యూయల్ డెస్కులు 120, వైట్‌బోర్డులు 8x4 సైజువి ఆరు కావాలి. కేటలాగ్ తర్వాత చూద్దాం, ముందు ఏ బ్రాండ్ నిలబడుతుందో మీరే చెప్పండి.

ఇప్పుడున్న బెంచీలు వేరే షాపువి, మూడేళ్లు కూడా నిండలేదు. పార్టికల్ బోర్డు పలకలు కిటికీ జల్లుకి తడిసి అంచుల దగ్గర అటుకుల్లా ఉబ్బిపోయాయి, లేచిన లామినేషన్‌ని పిల్లలు గోళ్లతో పీకుతూ కూర్చుంటున్నారు, ఇక కాళ్లు పెట్టుకునే అడ్డపైపు దగ్గర వెల్డింగ్ ఊడని బెంచీ వెతికినా దొరకదు. అందుకే ఈసారి పలక 18 ఎంఎం ప్లైవుడ్, పైపు 16 గేజ్, పౌడర్ కోటింగ్, కాళ్లకి బుష్‌లు ఉండాలి. పలక బోల్టులతో బిగించి ఉంటే పాడైనప్పుడు అదొక్కటే మార్చుకుంటాం. ఎనిమిదో తరగతి వాళ్లకి, పదో తరగతి వాళ్లకి ఒకే ఎత్తు ఇవ్వకండి, దయచేసి.

గోద్రెజ్, నీల్‌కమల్ పేర్లు అందరూ చెప్తున్నారు. ఆ రేటు పెట్టడం దండగేనా, ఇదే కొలతలతో విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకుంటే సరిపోతుందా? మీకు మిగిలేది ఎక్కువ ఉన్న బ్రాండ్ కాదండీ, మీరు సప్లై చేసిన స్కూళ్ల నుంచి కంప్లయింట్లు తక్కువ వచ్చిన బ్రాండ్ చెప్పండి.

బోర్డుల సంగతికొస్తే, మా లెక్కల మాస్టారు నిన్న రాసిన లెక్క ఇవాళ ఎంత తుడిచినా నీలంగా కనిపిస్తూనే ఉంటుంది, దాని మీదే ఇంకో లెక్క రాస్తే వెనక బెంచీ వాళ్లకి ఏదీ అర్థం కాదు. మెలమైన్ బోర్డు మాకు వద్దు. సెరామిక్ స్టీల్ వాటిలో ఆల్కోసైన్, వైట్ మార్క్ లాంటివి మీ దగ్గర దొరుకుతాయా, వాటికన్నా మంచివి ఉన్నాయా? సర్ఫేస్‌కి ఎన్నేళ్ల వారంటీ ఇస్తారో రాతపూర్వకంగా కావాలి. మరీ అద్దంలా మెరిసేది కూడా వద్దు, మా గదుల్లో మధ్యాహ్నం ఎండ నేరుగా బోర్డు మీదే పడుతుంది.

రేట్లు రెండు మూడు బ్రాండ్లకి విడివిడిగా, జీఎస్టీ, ట్రాన్స్‌పోర్ట్, ఫిట్టింగ్ అన్నీ కలిపి పంపండి. పాత ఇనుము మీరే తీసుకెళ్తే ఎంత తగ్గిస్తారో కూడా రాయండి. వేసవి సెలవులు ఇచ్చేలోపు ఒక శాంపిల్ బెంచీ పంపితే తొమ్మిదో తరగతిలో వేసి చూస్తాను, ఆ పిల్లల చేతిలో వారం ఆగితే ఆర్డర్ మీకే. జూన్ 12న స్కూలు తెరుస్తాం కాబట్టి సరుకు మొదటి వారానికల్లా దిగిపోవాలి.

శుక్రవారంలోపు రిప్లై ఇవ్వండి, శనివారం మేనేజ్‌మెంట్ మీటింగ్ ఉంది.

ఉంటాను,
ప్రిన్సిపాల్, తెనాలి