పర్లాకిమిడి ప్రసంగంపై రెండు ప్రశ్నలు

అయ్యా, పర్లాకిమిడి ప్రసంగంలో మీరు ఒక ఒడియా కవితకు మక్కికి మక్కిగా ఒకటి, సహజంగా ఒకటి, రెండు తెలుగు అనువాదాలు వినిపించారు. మక్కికి మక్కి అనువాదంలో ‘అభిమానం’ అన్న మాటను అలాగే ఉంచారు. అయితే మా పొరుగు ఒడియా ఇళ్లలో ఆ మాటకు అయినవారి మీద అలిగిన మనసులోని నొప్పి అని అర్థం కాగా, తెలుగు పాఠకుడు దానిని ఇష్టమనో ఆత్మగౌరవమనో చదువుకుంటాడు కదా, అప్పుడు మూలానికి విధేయత ఎక్కడ నిలిచినట్లు? ‘అలక’ దగ్గరగానే ఉంది గాని, అందులో కాస్త సరసం ధ్వనిస్తుంది.

ఇక ‘సే’ అన్న ఒడియా సర్వనామం స్త్రీపురుష భేదం చూపదు. వెళ్లిపోయినది ఎవరో కవి చివరి పాదం వరకు దాచగా, మీ సహజానువాదం మొదటి పాదంలోనే ‘ఆమె’ అని బయటపెట్టింది. ‘తను’ అన్నా క్రియ గుట్టు విప్పుతుంది. ‘వెళ్లిపోయారు’ అంటే గౌరవం వచ్చి చనువు పోతుంది. ఆ పాదాన్ని క్రియ లేకుండానే ముగించవచ్చునా?

‘పఖాళ’ అన్న ఒడియా మాటను చద్దన్నంగా అనువదించడంపై మాత్రం నాకు పేచీ లేదు.