ఖాళీ బండిలో పాటలు

తెల్లారి ఐదింటికి బండి వాళ్ళ గేటు ముందుండాలి. 480 కిలోమీటర్లు. ఎక్కేది ఒక పెద్దాయన, ఆయన భార్య, వాళ్ళబ్బాయి. మధ్యాహ్నానికి వాళ్ళని దింపేసి, కాసేపు పడుకుని, రాత్రికి ఖాళీ బండితో వెనక్కి రావాలి. టైర్లలో గాలి, స్టెప్నీ, ఆయిలు, వైపర్ నీళ్ళు సాయంత్రమే చూసేశాను. మిగిలింది పాటలు.

నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ దారిలో ఎక్కడ సిగ్నల్ పోతుందో నాకు మైలురాళ్ళతో సహా తెలుసు. రెండో టోల్‌గేటు దాటగానే ఒకసారి పోతుంది. వాగు వంతెన మీద రెండు నిమిషాలు వచ్చి, నాలుగు మెసేజీలు దించి మళ్ళీ పోతుంది. ఘాట్ మొదలయ్యాక ఇక అడగక్కర్లేదు, దాదాపు 70 కిలోమీటర్లు ఫోను ఉన్నా లేనట్టే.

పోయినసారి పగలు బాగానే గడిచింది. రాత్రి తిరుగు ప్రయాణంలోనే తేడా కొట్టింది. ఫోను కాసేపటికి సరిపడా పాటని ముందే లాక్కుని పెట్టుకుంటుంది కదా, అందుకని సిగ్నల్ పోయిన సంగతి మనకి వెంటనే తెలియదు. పల్లవి అయింది, చరణం సగంలో ఉంది, ఠక్కున ఆగిపోయింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని దాన్నే చూస్తూ నడిపాను. తర్వాత చూడ్డం మానేశాను. ఇంజిను మోత, ఏసీ గాలి, ఒకే వరసలో తెల్ల గీతలు. ఆ తర్వాత నాకు గుర్తున్నది రోడ్డు అంచున గరుకు పట్టీల మీద టైర్లు డర్ర్‌మన్న చప్పుడు. స్టీరింగు తిప్పేసరికి చేతులు వణుకుతున్నాయి. ఎన్ని సెకన్లు రెప్ప వాలిందో తెలీదు. గంటకి 90లో పోయే బండి సెకనుకి 25 మీటర్లు వెళ్తుంది. మూడు సెకన్లంటే 75 మీటర్లు. ఈ లెక్క ఇంటికొచ్చాక వేసుకున్నాను. వేసుకోకుండా ఉండాల్సింది.

మా ఆవిడకి చెప్పలేదు. టైరు పక్కన కొత్త గీతలు చూసి తనే పట్టేసింది.

అందుకే ఈసారి రెండు రోజుల ముందే కూర్చున్నాను. స్టాండులో బండి వరసలో పెట్టి, ఫోన్లో పాటలు ఏరుకుని, డౌన్‌లోడ్ బొమ్మ నొక్కుకుంటూ పోయాను. పని అయిపోయిందనుకున్నాను. రాత్రి ఇంట్లో మావాడు, "నాన్నా, ఒకసారి ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. సగానికి పైగా పాటలు బూడిద రంగులోకి తిరిగాయి. నొక్కినా పలకవు. చూస్తే ఒక్కో దాని కింద Waiting for Wi-Fi అని ఉంది. సెట్టింగులో వైఫై ఉంటేనే దించుకో అని ఉందిట. నేను స్టాండులో మొబైల్ డేటా మీద నొక్కినవన్నీ దిగకుండా క్యూలో నిలబడ్డాయి. మావాడు తన ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టాడు, నా ఫోను దాన్ని వైఫై అనుకుంది, అప్పుడు కదిలింది బండి.

క్వాలిటీ కూడా వాడే తగ్గించాడు. 320లో పెడితే నిమిషానికి రెండున్నర ఎంబీ దాకా లాగేస్తుంది, 96లో ఒక ఎంబీ కూడా పట్టదు. 14 గంటల పాటలు 600 ఎంబీ చిల్లరలో సరిపోయాయి. కిటికీ సందులోంచి గాలి కొట్టే బండిలో 320కీ 96కీ తేడా పట్టే చెవులు నాకైతే లేవు. ఇంకో సంగతి, నేను వాడే యాప్‌ని 30 రోజులకొకసారైనా నెట్‌కి కలపాలి. కలపకపోతే దించుకున్న పాటలకి కూడా తాళం పడిపోతుంది. ఊరి మ్యాపు కూడా దించుకున్నాను, అది వేరే కథ.

అయినా మొత్తం ఫోను మీదే పెట్టుకోదలుచుకోలేదు. మ్యాపు నడుస్తూ, చార్జింగ్ ఎక్కుతూ, అద్దం దగ్గర ఎండలో కూర్చుంటే మధ్యాహ్నానికి ఫోను పెనంలా కాలిపోతుంది. అందుకని పెన్‌డ్రైవ్ ఒకటి. యాప్‌లో దించినవి అందులోకి ఎక్కవు, ఆ యాప్ దాటితే అవి పాటలే కావు. పాత సీడీల్లోంచి మావాడు ఎప్పుడో ఎంపీత్రీలుగా మార్చిపెట్టినవి ఉన్నాయి, నా అసలు ఆస్తి అదే. రెండు ఫోల్డర్లు చేయించాను. ఒకటి CUSTOMER, రెండోది RETURN.

మొదటిది తేలిక. ఎవరినీ నొప్పించని పాటలు, చిన్న సౌండు. రెండోదానికే టైం పట్టింది. దాన్ని పాటల రకాన్ని బట్టి కాకుండా రోడ్డుని బట్టి పేర్చాను. ఘాట్‌లో వాయిద్యాలు మాత్రమే, అదీ మెల్లగా. మలుపు అవతల లారీ హారన్ కొడితే వినపడాలి. కిందికి దిగాక సాపు రోడ్డు, అక్కడే గండం, అక్కడికి మాటలు కంఠతా వచ్చిన పాటలు. వింటే నిద్ర పోదు, పాడితే కాస్త పోతుంది. నా గొంతు గురించి చెప్పను, ఖాళీ బండి కదా. రెండు నుంచి ఐదు గంటల మధ్య మెలోడీ ఒక్కటీ లేదు. జోలపాటలాంటిది ఏదైనా చొరబడిందేమోనని రెండుసార్లు వెతికాను.

ఇదంతా వింటూ మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. "పాటలు పెడితే నిద్ర ఆగుతుందా?" అంది.

"ఆగదు. కాస్త లేటవుతుంది."

"మరి వచ్చినప్పుడు?"

"ఆపి పడుకుంటా."

"పోయినసారి అలాగే పడుకున్నావుగా."

నేనేం మాట్లాడలేదు. తను మావాడి ఫోను లాక్కుని, రికార్డింగ్ నొక్కమని, నోటి దగ్గర పెట్టుకుని అంది: "ఏమయ్యా, కళ్ళు మూతలు పడుతున్నాయా? నీ వీరత్వం చాలు గానీ బండి పక్కకి తీసి పడుకో." మావాడు పడీపడీ నవ్వాడు. ఆ ఫైలు అలాగే వేస్తే మా బండి స్టీరియో చదవదు, దానికి ఎంపీత్రీ తప్ప ఇంకోటి రుచించదు. వాడే మార్చాడు. 40 పాటలు, 12వ నంబరులో మా ఆవిడ. మా స్టీరియో పేర్ల వరసలో పాడుతుంది గనక ఫైళ్ళ ముందు నంబర్లు వేయాలి, 1, 2 అని వేస్తే 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది, అందుకని 01, 02 అని వేయాలని వాడు మొదలుపెట్టాడు. పది దాటింది, పొద్దున్నే లేవాలని నేను వెళ్ళి పడుకున్నాను. వాళ్ళిద్దరూ ఇంకా ఆ లాప్‌టాప్ ముందే ఉన్నారు.

పొద్దున పెన్‌డ్రైవ్ గుచ్చగానే స్టీరియో RETURN ఫోల్డరులో 42 అని చూపించింది. 41 ఉండాలి. ఏదో పాట రెండుసార్లు ఎక్కించాడనుకుని బయల్దేరాను.

పెద్దాయన వెనక కిటికీ పక్కన, పెద్దావిడ ఇటు, అబ్బాయి ముందు సీట్లో. రెండో టోల్‌గేటు దాటేసరికి అబ్బాయి ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. "సిగ్నల్ లేదండీ?" అన్నాడు. "వాగు దగ్గర వస్తుందండీ, రెండు నిమిషాలు" అన్నాను. వచ్చింది, పోయింది. నా పాటలు మాత్రం ఆగలేదు. చిన్న గర్వంగా కూడా అనిపించింది.

ఘాట్‌లో అబ్బాయికి తోచక స్టీరియో మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. అందులో RDM ఒకటుంది. అది నొక్కితే ఫోల్డరూ గీల్డరూ చూడదు, పెన్‌డ్రైవ్‌లో ఏది దొరికితే అది. రెండు పాటలయ్యాయి. మూడోది మొదలవలేదు.

"ఏమయ్యా, కళ్ళు మూతలు పడుతున్నాయా?"

బండిలో ఎవరూ కదల్లేదు. నేను మలుపులో ఉన్నాను, చెయ్యి తీసి ఆపడానికి లేదు.

"నీ వీరత్వం చాలు గానీ బండి పక్కకి తీసి పడుకో."

పెద్దావిడ ముందుకి వంగింది. "ఎవరు నాయనా?"

"మా ఆవిడండీ."

"ఫోన్లోనా? సిగ్నల్ లేదన్నావుగా?"

సంగతంతా చెప్పాల్సి వచ్చింది, గరుకు పట్టీలతో సహా. అద్దంలో పెద్దాయన మొహం చూశాను, కోపంగా ఉందో లేదో తెలియలేదు. కాసేపాగి, "అయితే ఆపు మరి" అన్నాడు.

"నాకు నిద్ర రావట్లేదండీ, అది రాత్రి కోసం పెట్టింది."

"నీకు రాకపోతే ఏం, నాకు కాళ్ళు పట్టేశాయి. ఆవిడ చెప్పింది కదా, ఆపు."

మలుపు దాటాక వెడల్పు చోటు చూసి ఆపాను. అరగంట. ఆయన బండి చుట్టూ రెండుసార్లు నడిచి, వెనక టైరు దగ్గర నిలబడి గీతల్ని చూసి, ఏమీ అనకుండా వచ్చి ఎక్కాడు.

రెండున్నరకి దింపాను. సాయంత్రం ఏడు దాకా పడుకుందామనుకున్నా గానీ, ఎండలో ఆగి ఉన్న బండిలో ఎంతసేపు నిద్రపడుతుంది? రెండు గంటలు పట్టిందేమో. చీకటి పడ్డాక మొదలుపెట్టాను. ముందు రేడియో, తర్వాత ఫోన్లోవి. లారీలు కొన్ని ఘాట్ మొదట్లో నిలిచిపోయి గంటన్నర అక్కడే పోయింది. అప్పుడు RETURN పెట్టాను. కొండ దిగి సాపు రోడ్డెక్కేసరికి రెండు ముప్పావు.

అనుకున్నట్టే పాడాను. 11వ పాట గట్టిగా పాడాను. తర్వాత మా ఆవిడ వచ్చింది, కళ్ళు మూతలు పడుతున్నాయా అని. నిజం చెప్పాలంటే పడుతున్నాయి. కానీ 20 కిలోమీటర్లలో పెట్రోల్ బంకు ఉంది, లైట్లు ఉంటాయి, అక్కడ ఆపుదామనుకున్నాను. ఇంత దూరం వచ్చాం, ఇంకో పావుగంట. అద్దం కొద్దిగా దించాను. 13 అయింది. 14లో రెండో చరణం పాడానో లేదో గుర్తులేదు.

15 మొదలైంది. పాట కాదు. గుసగుసగా ఉంది, ఎవరో నిద్ర లేస్తారేమోనన్నట్టు.

"ఆపలేదు కదూ. నాకు తెలుసు. బంకు దాకా అనుకుని ఉంటావు. ఇప్పుడు ఆపు."

ఇండికేటరు వేసి ఎడమకి తీశాను. మట్టి మీదకి దిగి బండి ఆగాక కూడా ఆ ఫైలు ఇంకా నడుస్తోంది. తను మాట్లాడ్డం అయిపోయింది గానీ రికార్డింగ్ ఆపడం మర్చిపోయినట్టుంది. వెనకాల గురక వినిపిస్తోంది. నాదే.