ఒక్క పరుగు, ఒక మరచెంబు, కిందవీధి వాళ్ల మొహాలు

ఈ ఫొటో చూసి కప్పు ఏదీ అని అడక్కండి. మా కీపర్ రెండు చేతులతో పైకెత్తింది వాళ్లింటి స్టీలు మరచెంబు, మంచినీళ్లకని తెచ్చాడు, గెలిచాక అదే ట్రోఫీ అయిపోయింది. వాళ్లమ్మ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది, మూత జాగ్రత్తరా అని.

పెదవాల్తేరు పైవీధి 94, కిందవీధి 93. టెన్నిస్ బాలు, 12 ఓవర్లు, ఏయూ గ్రౌండ్, ఆదివారం పొద్దున్న. ఏడింటికని చెప్పిన మ్యాచ్ ఎనిమిదిన్నరకి మొదలైంది, ఎందుకంటే కిందవీధి ఓపెనర్ గారు నిద్ర లేవలేదు. లేచి వచ్చి మాత్రం ఏం చేశాడు, రెండో బంతికే వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు. ఆ నిద్రేదో పూర్తి చేసుకుని రావాల్సింది బాబూ.

ఫొటోలో ఎడమ చివర యూనిఫాం ప్యాంటుతో ఉన్నాడే, కళ్లు మిరపకాయల్లా ఎర్రగా, ఈ మ్యాచ్ అతనిదే అంటాను నేను. గాజువాకలో నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా బండి మీద నేరుగా గ్రౌండుకి వచ్చేశాడు, సేఫ్టీ బూట్లు హ్యాండిల్‌కి వేలాడుతున్నాయి, టీ ఒకటి తాగి వేప చెట్టు కింద పది నిమిషాలు కునుకు తీసి లేచాడు. ఇంటికెళ్లి పడుకోరా బావా అంటే, "పదకొండు మంది లేకపోతే ఆళ్లు నవ్వుతారు" అన్నాడు. చివరి ఓవర్ అతని చేతికే ఇచ్చాం.

ఆరు బంతులకి 8 కావాలి. మొదటిది సింగిల్. రెండోదానికి వికెట్, అరుపులకి రోడ్డు మీద వాకింగ్ చేసే పెద్దాయనలు ఆగిపోయారు. మూడోది ఫోర్, మా గొంతులు పడిపోయాయి. నాలుగు ఖాళీ, ఐదుకి ఒకటి. ఆఖరి బంతికి 2 కావాలి, ఒకటి తీసినా సమానం, నాకైతే బీపీ మెషీన్ పెడితే అది పగిలిపోయేది. వాళ్ల బ్యాటర్ సముద్రం వైపు గట్టిగా లేపాడు. కొట్టిన చప్పుడుకి సిక్సే అనుకున్నాం, వాళ్లు గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చేశారు కూడా, డాన్సు మొదలుపెట్టేశారు. అప్పటికి పదిన్నర దాటింది, సముద్రం గాలి ఎక్కింది, బాలు పైకెళ్లి అక్కడే కాసేపు ఆలోచించుకుని వెనక్కి దిగడం మొదలెట్టింది. దాని కింద ఎవడున్నాడో తెలుసా, మరచెంబు పక్కన నోరు తెరుచుకుని నవ్వుతున్న ఆ ఇంటర్ గుంటడు. మా అసలు పదకొండోవాడు అనకాపల్లి పెళ్లికి వెళ్తే వీణ్ణి ఆఖరి నిమిషంలో పట్టుకొచ్చాం, ఎదురుగాలికి ఆ వైపు బాలు రాదులే అని అక్కడ నిలబెట్టాం. ముందుకి ఉరికాడు, వెనక్కి ఉరికాడు, మళ్లీ ముందుకొచ్చి కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు. బాలు ఛాతీకి కొట్టుకుని మోచేతికీ పొట్టకీ మధ్య ఇరుక్కుంది. పట్టానా అని అడిగాడు మమ్మల్ని! ఆ బాలు ఇంకా వదల్లేదు, ఫొటోలో చూడండి, ఎడమ చేతిలో.

ఇక కిందవీధి విషయానికొద్దాం. 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టింది మన వైజాగ్‌లోనే కదా, అందుకని వాళ్ల వన్‌డౌన్ బ్యాటర్ మూడు నెలలుగా జుట్టు పెంచాడు. ఊరు కుదిరింది, జుట్టు కుదిరింది, పరుగులు మాత్రం 144 తక్కువయ్యాయి. బాధపడకు తమ్ముడూ, జుట్టు బాగానే పెరుగుతోంది.

పిచ్ బాలేదట, ఎండ కళ్లల్లో పడిందట, అంపైర్ అన్యాయం చేశాడట. అంపైర్ మీ కెప్టెన్ సొంత బావమరిది కదరా, వాడి మీద పంచాయతీ ఇంట్లో పెట్టుకోండి. కుడి అంచున సగం భుజం కనిపిస్తోందే, అది ఆ కెప్టెన్‌దే. ఫొటోలోకి రారా అంటే లేసు కట్టుకుంటున్నా అన్నాడు. అరగంట నుంచీ అదే లేసు. నిజం చెప్పాలంటే 41 కొట్టి వణికించింది కూడా అతనే, ఆ మాట ఇక్కడ ఒక్కసారే అంటాను, మళ్లీ అడిగితే అనలేదంటాను.

పందెం ప్రకారం టిఫిను మీదే. పదకొండు ఉప్మా పెసరట్లు, గుంటడికి రెండు, నైట్ షిఫ్ట్ బావకి పార్సిల్, ఎందుకంటే ఫొటో దిగిన ఐదో నిమిషానికే బండి సీటు మీద తల పెట్టి నిద్రపోయాడు. వచ్చే ఆదివారం మళ్లీ ఆడదామంటున్నారు, ఆడదాం, కానీ ఏడింటికంటే ఏడింటికే. అన్నట్టు కంగారులో మీ బ్యాటు ఇక్కడే వదిలేసి పోయారు, మా దగ్గరే ఉంది. పెసరట్టు బిల్లు కట్టి పట్టుకెళ్లండి.