షిఫ్ట్ ఇన్‌చార్జి ప్రమోషన్‌పై సహోద్యోగుల మదింపు

ప్రమోషన్ కమిటీకి,

మన మిర్చి కోల్డ్ స్టోరేజీలో రాత్రి షిఫ్ట్ ఇన్‌చార్జి గారిని అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకు తీసుకునే విషయంలో మా ముగ్గురి మదింపు ఇది. రాసినవాళ్లం అకౌంటెంట్, మెషిన్ రూం ఆపరేటర్, కాంటా క్లర్కు. మాలో ఎవరికీ ఆయనతో చుట్టరికం లేదు, ఈ పోస్టుకు దరఖాస్తూ లేదు. కళ్లారా చూసినవి, రిజిస్టర్‌లో ఉన్నవి మాత్రమే రాశాం.

సరుకు దించుకునే దగ్గర ఆయన గట్టిగా నిలబడతారు. మార్చిలో ఎనుమాముల యార్డు నుంచి వచ్చిన ఒక లాటులో 38 బస్తాలు పక్కన పెట్టించారు. కాయ వంచితే విరగకుండా మెత్తగా వంగింది, మీటరులో తేమ 14 శాతం వచ్చింది. అలాంటి బస్తా లోపలికి పోతే బూజు పడుతుంది, పక్క బస్తాలకూ పాకుతుంది. గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నా ఒప్పుకోలేదు. రైతుకు కారణం చెప్పి, ఆవరణలోనే టార్పాలిన్ మీద ఆరబోసుకోనిచ్చారు. రెండు రోజుల తర్వాత మళ్లీ తేమ చూసి దించుకున్నారు. రెండు రీడింగులూ ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఉన్నాయి.

జూన్‌లో ఒక రాత్రి కరెంటు పోయి కంప్రెసర్ ఆగినప్పుడు ఛాంబర్ తలుపులు తెరవనీయలేదు, 15 నిమిషాల్లో జనరేటర్ ఎక్కించారు. 5 డిగ్రీల దగ్గరున్న ఛాంబర్ 7 దాటలేదు. అరగంటకోసారి రాసిన రీడింగులు లాగ్‌బుక్‌లో చూడొచ్చు.

బ్యాంకు లోను ఉన్న లాటును రిలీజ్ లెటర్ లేకుండా ఆయన షిఫ్టులో కదిపినట్టు అకౌంట్స్‌లో ఎక్కడా లేదు.

లోపం రాతలో ఉంది. బస్తాలు ఒక ఛాంబర్ నుంచి ఇంకో ఛాంబర్‌కు మార్చినప్పుడు ర్యాక్ నంబరు అప్పటికప్పుడు రాయకుండా షిఫ్ట్ చివర్లో రాసేవారు. దాంతో ఆగస్టులో రెండు లాట్లు పాత నంబరు మీదే ఉండిపోయాయి. ఒకటి వెతికేసరికి రెండు గంటలు పట్టింది, కొన్న వ్యాపారి లారీ అంతసేపూ ఆగింది. సెప్టెంబరు నుంచి మార్చిన చోటే చీటీ రాసి కాంటా దగ్గరికి పంపుతున్నారు. ఆ తర్వాత ఇలాంటిది మా ముందుకు రాలేదు. కొత్త పోస్టులో మూడు షిఫ్టుల స్టాకు రాత ఆయన కిందికే వస్తుంది కాబట్టి దీన్ని కమిటీ చిన్న విషయంగా చూడొద్దని మా మనవి.

హమాలీలతో ఆయన తీరు గురించి ఫారంలో అడిగారు. ఏప్రిల్‌లో ఒకసారి గేటు దగ్గర ఇరువైపులా గొంతు పెరగడం కాంటా క్లర్కు చూశారు. కారణం మాకు తెలియదు. ఆ రాత్రి దింపుడు పని ఆగలేదు. దీని మీద తర్వాత నలుగురూ అనుకున్నవి రాయడం లేదు. కమిటీ హమాలీ మేస్త్రీని, ఇన్‌చార్జి గారిని వేర్వేరుగా పిలిచి అడగడం మంచిది. సెలవులు, ఇంటి విషయాలు ఈ పనికి సంబంధం లేనివి, అందుకే ఆ గడి ఖాళీగా వదిలాం.

సరుకు, మెషిన్ల బాధ్యతకు ఆయన తగినవారని ముగ్గురం ఒప్పుకుంటున్నాం. అద్దె బిల్లింగు ఆయన చేయగా మేం చూడలేదు. ఒక నెల బిల్లులు అకౌంటెంట్ పక్కన కూర్చోబెట్టి చేయించి చూశాకే ఆ బాధ్యత అప్పగించాలి.

ఈ కాగితంలో ఉన్నది ఇన్‌చార్జి గారికి చూపించి ఆయన జవాబు కూడా జతచేయండి. మా హోదాలు దాచనక్కర్లేదు.

ఇట్లు,
అకౌంటెంట్, మెషిన్ రూం ఆపరేటర్, కాంటా క్లర్కు
వరంగల్