ఉద్యోగం సంగతి, అందరూ చివరిదాకా చదవండి

నాన్నా, అమ్మా, అక్కా, బావగారూ,

నా ఉద్యోగం పోయింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్తే ఒకరి దగ్గర ఒక మాట ఎక్కువ, ఇంకొకరి దగ్గర తక్కువ అవుతుందని ఇక్కడే రాస్తున్నాను. మేం ముగ్గురం బాగున్నాం. మీ కోడలికి ఆ రోజే చెప్పాను.

మా ప్రాజెక్టును క్లయింటు ఆపేశాడు. టీములో చాలామందిని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. పనిలో తప్పు పట్టి తీసింది కాదు. సోమవారం హెచ్ఆర్ వాళ్ళు పిలిచి చెప్పారు. ఈ నెల 30 ఆఖరి రోజు.

డబ్బుకి ఇప్పుడు ఇబ్బంది లేదు. రెండు నెలల జీతం ఇస్తున్నారు. ఏడేళ్ళు చేశాను కాబట్టి గ్రాట్యుటీ కూడా వస్తుంది, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. ఇంటి లోను ఈఎంఐలకు ఆరు నెలల డబ్బు విడిగా ఉంచాం. ఇల్లు, పాప ఫీజు మీ కోడలి జీతంతో గడుస్తాయి. పీఎఫ్ కదపను. నాన్నా, దయచేసి పొలం మాట ఎత్తొద్దు, చీటీ కూడా ముందే పాడొద్దు. నిజంగా అవసరం పడితే ముందు నిన్నే అడుగుతాను.

తొందరగా తేల్చుకోవాల్సింది నాన్న కంటి ఆపరేషన్ ఒక్కటే. సంక్రాంతి అయ్యాక అనుకున్నాం కదా, కానీ కంపెనీ ఇన్సూరెన్స్ నా ఆఖరి రోజు దాకానే. అందుకే ఈ నెలలోనే చేయించేద్దాం. శుక్లం ఆపరేషన్‌కి పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. అక్కా, గుంటూరు డాక్టరుగారి దగ్గర 20వ తేదీలోపు రోజు అడుగు. నాన్న షుగర్ రిపోర్టు కొత్తది కావాలంటారు, రేపే పరగడుపున రక్తం ఇప్పించు. క్యాష్‌లెస్ అనుమతి ముందే తీసుకోమని హాస్పిటల్‌లో గట్టిగా చెప్పు. కార్డు, ఆధార్ కాపీ నీకు విడిగా పంపుతున్నాను. ఆ తర్వాత మీ ఇద్దరికీ సొంత పాలసీ తీసుకుంటాను. ఇదే కంపెనీలో కొనసాగించే వీలుందేమో కనుక్కుంటున్నాను.

వేరే ఉద్యోగం చూడడం మొదలుపెట్టాను. పాత టీములో ఇద్దరితో మాట్లాడాను. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను, రెండు మూడు నెలలు పట్టినా ఇల్లు నడుస్తుంది. బావగారూ, మీ ఆఫీసులో ఖాళీలుంటే చెప్పండి, రెజ్యూమె పంపుతాను.

ఊళ్ళో ఎవరడిగినా దాచొద్దు. ప్రాజెక్టు ఆగిపోయింది, వేరేది చూసుకుంటున్నాడు అనండి, చాలు. నాయనమ్మకి మాత్రం నేనొచ్చి చెప్తాను. అమ్మా, కార్తీక సోమవారాలు ఎలాగూ ఉపవాసం ఉంటున్నావు, నా కోసమని ఇంకో పూట మానొద్దు. నీ మాత్రలు తిండి మీద వేసుకోవాల్సినవి.

శనివారం జన్మభూమికి బయల్దేరి మధ్యాహ్నానికి తెనాలి వస్తాను. ఈలోగా ఈ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తాను. నాన్నా, లెక్కలన్నీ దగ్గర పెట్టుకుని కూర్చుంటాను, ఏ సందేహమున్నా అడుగు.