లీటరుకు ముప్పై అయిదు

ఆరో తరగతి చదువుతున్న చరణ్ నోటుపుస్తకంలో రాసుకున్న వాక్యం ఇది: "ఒక లీటరు సముద్రపు నీటిలో రకరకాల ఉప్పులన్నీ కలిపి సుమారు 35 గ్రాములు ఉంటాయి." దాని కింద, ఈ సంగతి నిజమని నీకెలా తెలుసో రాయాలి. సార్ ఇచ్చిన హోంవర్కులో అది రెండో భాగం. చరణ్ అక్కడ "పుస్తకంలో ఉంది" అని రాయబోతుండగా రమణమ్మ పక్కన కూర్చుని అడిగింది.

"ఎవరు తూచారు?"

"ఎవరో శాస్త్రజ్ఞులు తూచే ఉంటారు అవ్వా."

"నువ్వు చూశావా?"

ఇస్కపల్లిలో ఉప్పు మడుల మీద పెరిగిన మనిషి రమణమ్మ. పెళ్లికి ముందు తండ్రి మడిలో, తర్వాత అత్తవారి మడిలో, ఉప్పు లాగీ లాగీ అరిచేతులు గట్టిపడ్డాయి. ఉప్పు గురించి ఆమెకు తెలియనిది తక్కువ. తూకం మాత్రం ఏనాడూ ఆమె చేతిలో లేదు. రాశి పోసింది ఆమె, కాటా పట్టుకున్నది కొనేవాళ్లు. బస్తాకు 75 కిలోలని చెప్పి, కొసరు పేరుతో ఇంకో మూడు నాలుగు కిలోలు ఎక్కించుకుని వెళ్లిన వ్యాపారులను ఆమె ఏమీ అనలేకపోయింది. ఉప్పుకు సంబంధించిన అంకె ఎవరు చెప్పినా ముందు అనుమానించడం అక్కడే నేర్చుకుంది. ఆ అనుమానాన్ని నేను మొండితనం అనను. నష్టపోయినవాళ్లకే అది ఉంటుంది.

పైగా అంకె కూడా ఆమెకు నప్పలేదు. ముప్పై అయిదు గ్రాములంటే చిన్న గుప్పెడు. వాళ్ల మడికి పారేది బోరు నీళ్లు. ఆ నీళ్లు చెంబుడు ఎండబెడితే గుప్పెడు కంటే ఎక్కువే మిగులుతుంది.

"అది బోరు నీళ్లు కదా అవ్వా. నేను రాసింది సముద్రం గురించి."

రమణమ్మ ఒక్క క్షణం ఆలోచించి లేచింది. "అయితే సముద్రం నీళ్లే తెద్దాం."

అది మార్చి నెల, ఆదివారం. ఇద్దరూ రెండు క్యానులు తీసుకుని కడలి దగ్గరికి వెళ్లారు. వాగు కలిసే చోట నీళ్లు ముంచబోయిన మనవణ్ణి ఆమె వద్దంది. అక్కడ వేరే నీళ్లు కలుస్తాయి. ఒడ్డున నురగలో ముంచబోతే దానికీ వద్దంది. అక్కడ ఇసుక లేస్తుంది. కొంగు నడుముకు బిగించి, మొల లోతు వరకు తానే వెళ్లి, అల వెనక్కి తగ్గాక క్యాను ముంచింది. ఇంటికొచ్చాక నీళ్లను నాలుగు మడతల పంచెగుడ్డలో వడకట్టింది. చరణ్ లీటరు సీసాతో కొలిచి ఒక సీసా పక్కన పెట్టాడు.

"ఒక్కటి చాలదు. కిరాణా కొట్టు కాటా అయిదు గ్రాముల కంటే తక్కువ చూపదు. ముప్పై అయిదులో అయిదు తేడా వస్తే మన లెక్కకు విలువేముంది? పది సీసాలు తీసుకో. అప్పుడు మూడు వందల యాభై రావాలి, అందులో అయిదు పోయినా పెద్ద తేడా కాదు."

చరణ్ పెన్సిలు ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. బడిలో ఎవరూ అతనికి ఈ ఉపాయం చెప్పలేదు.

పొయ్యి మీదికి ఎక్కించే ముందు ఖాళీ స్టీలు గిన్నెను కొట్టుకు తీసుకెళ్లి తూయించారు. 1 కిలో 240 గ్రాములు. ఆ అంకెను చరణ్ చేత రెండుసార్లు రాయించింది. తర్వాత గిన్నె అడుగున, పక్కల మట్టి పూసింది. మసి అంటితే అదీ బరువులో కలుస్తుంది కదా. పది లీటర్లు ఒకేసారి పట్టవు. మరుగుతున్నకొద్దీ చెంబుతో పోస్తూ ఉండాలి, గిన్నె నుంచి ఒక్క చుక్క బయట పడకూడదు. తుమ్మకట్టెల మంట పొద్దున మొదలైతే మధ్యాహ్నం దాటినా ఆరలేదు. అన్నం వండే పని ఆ పూట కోడలికి పక్కింటి పొయ్యి మీద పడింది.

నీళ్లు సగానికి పైగా ఇగిరాక గిన్నె అంచున తెల్లని పొడి పొర కట్టింది. "ఇది ఉప్పు కాదు, సున్నంలాంటిది. మడిలోనూ ముందు ఇదే దిగుతుంది. నాలుక మీద పెట్టి చూడు." చరణ్ పెట్టుకున్నాడు. మట్టి రుచి. ఇంకా ఇగిరాక అసలు ఉప్పు గింజలు అడుగుకు దిగాయి. చివర్లో మిగిలిన చిక్కటి నీటిని వేలితో తాకి నాకితే చరణ్ ముఖం చిట్లించాడు.

"చేదు!"

"మడిలో ఈ చేదునీళ్లను పారబోస్తాం. పారబోయకపోతే ఉప్పు చేదెక్కుతుంది, ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, ఎవరూ కొనరు." ఆమె గొంతులో కాస్త గెలుపు వినిపించింది. "ఇప్పుడు ఇదంతా గిన్నెలోనే ఉంది. ముప్పై అయిదూ తినే ఉప్పే అన్నావంటే నీ వాక్యం తప్పు."

చరణ్ నోటుపుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. "రకరకాల ఉప్పులన్నీ కలిపి అనే రాశాను అవ్వా. సున్నమూ, చేదూ అందులోవే. తినే ఉప్పు ఒక్కటే అయితే ఇంకా తక్కువట."

రమణమ్మ ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివింది. అన్నీ ఉన్నాయి. ఇక తూకమే మిగిలింది.

మంట తగ్గించి, గరిటెతో కదుపుతూ, చిటపటలు ఆగేదాకా ఎండబెట్టింది. గరిటెకు అంటుకున్నది కూడా చాకుతో గీకి గిన్నెలోకే వేసింది. చల్లారాక బయటి మట్టిని కడిగి, బూడిదతో తోమి, పొడిగుడ్డతో తుడిచింది. ఉప్పు గాలిలోని చెమ్మను లాగకముందే వెళ్లాలని చరణ్‌ను తొందరపెట్టింది.

కొట్టులో అప్పటికి నలుగురు చేరారు. రమణమ్మ ముందు ఖాళీ కాటా సున్నా చూపుతోందో లేదో చూసింది. తానే గిన్నె ఎత్తి పెట్టింది. కొట్టతను అంకె చదవబోతే చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు చదువు చరణ్."

"1 కిలో 585."

గిన్నె తీసి, మళ్లీ పెట్టించింది. అదే అంకె. చరణ్ గోడకు ఆనించి తీసివేత చేశాడు. 345. పదితో భాగిస్తే 34 గ్రాముల 500 మిల్లీగ్రాములు.

"అర గ్రాము తక్కువొచ్చింది అవ్వా" అన్నాడు చిన్నబోయి.

"సుమారు అని రాశావు కదా. సరిపోయింది." ఆమె కాటా మీది అంకెను ఇంకాసేపు చూస్తూ నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా మళ్లీ అంది, "మావాడు రాసింది సరైనదే. నేను తూచాను."

రాత్రి చరణ్ రెండో భాగం రాశాడు: నీళ్లు ఎక్కడ ముంచారో, గిన్నెను ముందూ తర్వాతా ఎందుకు తూచారో, పది లీటర్లు ఎందుకు తీసుకున్నారో. రాసింది చదివించుకుని రమణమ్మ ఒక లోటు పట్టుకుంది.

"నెల రాయలేదు. ఇది మార్చి. వానలు పడి, ఏళ్లు పొంగి సముద్రంలో కలిశాక ఒడ్డు నీళ్లు పలచబడతాయి. అప్పుడు ఇంత రాదు."

చరణ్ "మార్చి నెలలో" అని చేర్చాడు.

"కార్తీకంలో మళ్లీ తూద్దాం. అప్పటి లెక్కకు కింద నాలుగు గీతలు వదిలిపెట్టు" అంది.

చరణ్ నాలుగు వదిలి, కొంచెం ఆలోచించి, ఇంకో రెండు కూడా వదిలాడు.